ఏడాది సగటు చూపించి పడకలు చాలంటే ఎలా?

ఏజెన్సీలో పడకలు పెంచమని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు వస్తుంది: "ఉన్నవే నిండట్లేదు." ఆ లెక్క ఎలా కడతారో మనం తెలుసుకోవాలి.

సామాజిక ఆరోగ్య కేంద్రం అంటే 30 పడకలు. ఏడాదికి 30ని 365తో గుణిస్తే 10,950 పడక రోజులు. రోజూ అర్ధరాత్రి వార్డులో ఉన్నవాళ్లను లెక్కపెట్టి ఏడాదంతా కూడితే 7,665 వచ్చిందనుకుందాం. అంటే 70 శాతం. కాగితం మీద బాగానే ఉంది.

ఇప్పుడు అదే అడ్మిషన్ రిజిస్టర్‌ను నెలలవారీగా విడగొట్టండి. ఫిబ్రవరిలో రోజుకు ఐదుగురు చేరి, ఒక్కొక్కరు మూడు రోజులు ఉంటే, ఏ రోజు చూసినా సుమారు 15 మంది ఉంటారు. సగం పడకలు ఖాళీ. ఆగస్టులో మలేరియా, విరేచనాలతో రోజుకు 12 మంది చేరితే 36 మంది అవుతారు. పడకలు మాత్రం 30. ఆ ఆరుగురు ఎక్కడుంటారు? ఒకే మంచం మీద ఇద్దరు, లేదంటే కింద చాప మీద. ఫిబ్రవరి ఖాళీ మంచం ఆగస్టు జ్వరానికి పనికిరాదు కదా! పైగా పొద్దున చేరి సాయంత్రం వెళ్లిపోయినవాళ్లు అర్ధరాత్రి లెక్కలోకే రారు.

ఎదురుచూపు సంగతి ఇంకా కష్టం. చాలాచోట్ల రిజిస్టర్‌లో తేదీ రాస్తారు గానీ టైమ్ రాయరు. ఓపీ చీటీ ఇచ్చిన టైమ్, పడక ఇచ్చిన టైమ్ రెండూ ఉంటేనే తేడా తెలుస్తుంది. అవి ఉన్నా సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఐదుగురు 20, 30, 40, 50, 360 నిమిషాలు ఆగారనుకోండి. సగటు 100 నిమిషాలు. కానీ వరుసలో మధ్యనున్న మనిషి ఆగింది 40 నిమిషాలే. చివరి మనిషి ఆరు గంటలు కూర్చున్నాడు. అందుకే మధ్య విలువనూ, అందరికంటే ఎక్కువ ఆగినవాళ్లనూ విడిగా చూడాలి. పడక దొరక్క పెద్దాసుపత్రికి పంపినవాళ్లు, విసిగి ఇంటికి పోయినవాళ్లు అడ్మిషన్ రిజిస్టర్‌లో అసలు ఉండరు. వాళ్ల కోసం రిఫరల్ రిజిస్టర్, ఓపీ రిజిస్టర్ పక్కన పెట్టుకుని చూడాల్సిందే.

కాబట్టి మేమనేది ఇదీ. పడకల అవసరాన్ని ఏడాది సగటుతో కాదు, వానాకాలం నెలలతో తేల్చాలి. ఏడాదంతా కొత్త భవనం కుదరదంటే, జూలై నుంచి అక్టోబర్ దాకా అదనపు మంచాలు, వాటికి తగ్గ నర్సులు ఇవ్వాలి. రిజిస్టర్‌లో రెండు టైములూ రాయాలి. సమాచార హక్కు చట్టం కింద మనమే అడగొచ్చు: పేర్లు వద్దు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, రిఫర్ చేసిన తేదీ చాలు. ఆ మూడు వరుసలు చేతిలో ఉంటే ఐటీడీఏ సమావేశంలో "నిండట్లేదు" అన్నవాళ్లను "ఏ నెలలో?" అని అడగగలం.