కత్తిపూడి దగ్గర రెండు రోడ్లు – రాయి చెప్పే మాట

తుని నుంచి రాజమండ్రికి రాత్రివేళ సరుకు తీసుకెళ్ళే కొత్త డ్రైవర్లకు కత్తిపూడి కూడలి ఒక పరీక్ష. అన్నవరం దాటాక అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. నేరుగా పోయేది జగ్గంపేట, రాజానగరం మీదుగా రాజమండ్రి చేరే 16వ నంబరు జాతీయ రహదారి. ఎడమకు తిరిగేది గొల్లప్రోలు, పిఠాపురం మీదుగా కాకినాడ పోయే 216వ నంబరు రహదారి.

పొరపాటు ఇక్కడే జరుగుతోంది. కిలోమీటరు రాయికి తలభాగం పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి అని చాలామందికి తెలుసు. కాని కత్తిపూడి నుంచి చీలిన రెండూ జాతీయ రహదారులే. రెండింటి రాళ్ళకూ పసుపే. రంగు చూసి ధైర్యం తెచ్చుకున్నవాడు మోసపోతాడు.

నంబరు చదివేటప్పుడు కూడా మొదటి అంకెను వదలరాదు. మూడంకెల నంబరు శాఖ రోడ్డుకు గుర్తు. చివరి రెండంకెలు అది ఏ పెద్ద రోడ్డు శాఖో చెబుతాయి. అంటే 216 అనేది 16కు శాఖ, 16 కాదు. దీనికితోడు 2010లో నంబర్లు మారినా పల్లెల్లో నేటికీ పాత పేరే వినిపిస్తోంది. దారి అడిగితే 'ఐదో నంబరు రోడ్డు' అంటారు. బోర్డు మీద 5 వెతికేవాడికి అది కనబడదు. పాత 5వ నంబరే ఈనాటి 16.

అనుమానం తీరాలంటే వరుసగా రెండు రాళ్ళు చదవాలి. మొదటి రాయి మీద జగ్గంపేటో, రాజమండ్రో కనబడాలి. తరువాతి రాయి దగ్గర అదే ఊరి దూరం ఒక కిలోమీటరు తగ్గి ఉండాలి. గొల్లప్రోలు, పిఠాపురం పేర్లు కనబడితే బండి ఆపి వెనక్కి తిరగడమే మేలు. ఒకటి రెండు కిలోమీటర్లలో తెలిస్తే నష్టం స్వల్పం. పిఠాపురం దాకా పోయాక తెలిస్తే సామర్లకోట మీదుగా రాజానగరం వచ్చి 16ను కలుసుకోవాలి. డీజిలూ పోతుంది, సమయమూ పోతుంది.

అయితే చదవడానికి రాయి కనబడాలి కదా! సినిమా పోస్టర్లు, ఎన్నికల కాగితాలు అంటించేది ఈ రాళ్ళకే. ప్రమాదం జరిగినప్పుడు 108కి ఫోన్ చేసినవాడు రహదారి నంబరు, రాయి మీది దూరం చెప్పగలిగితే అంబులెన్సు తిన్నగా అక్కడికే వస్తుంది. '16 మీద' అనవలసిన చోట '5 మీద' అన్నా, 216ను 16 అన్నా ఆలస్యం తప్పదు. కాగితం కింద దాగిన అంకె ఒక ప్రాణం ఖరీదు కావచ్చు.

అందుచేత రహదారి అధికారులు కూడలి దాటిన వెంటనే ఉన్న మొదటి రెండు రాళ్ళకైనా ఏటేటా రంగు వేయించి, అంకెలు స్పష్టంగా రాయించాలి. తమ పొలిమేరలోని రాళ్ళపై పోస్టర్లు పడకుండా చూసే పని పంచాయతీలు తీసుకోవాలి.