తాళంలో విరిగిన చెవి

క్రిందటి నెల ఒక సాయంకాలం మా సంఘములోని ఒక పెద్దావిడ కబురు పంపగా వెళ్ళాము. ఆమె ఇంటి తలుపుకున్న నైట్ లాచ్ తాళంలో చెవి విరిగిపోయింది. "అయ్యగారూ, బీ.పీ. మాత్రలు లోపలే ఉండిపోయాయి" అన్నారామె. పక్క వీధిలోని కుమార్తె దగ్గర రెండో చెవి ఉంది గాని, విరిగిన ముక్క లోపలుండగా అది దూరదు.

ముక్క అంచు తాళం నోటికి సుమారు 2 మిల్లీమీటర్లు లోపలుంది. బయటికి పొడుచుకొని ఉంటే పట్టుకారుతో లాగవచ్చును. ఇలాంటప్పుడు పట్టుకారు దాన్ని ఇంకా లోపలికే నెడుతుంది. చేతిలోని సగానికి జిగురు పూసి అతికించి లాగుదామన్నాడొక యువకుడు. వద్దన్నాము. జిగురు లోపలి పిన్నులకు అంటితే తాళమే పాడవుతుంది.

వడ్రంగి ఇంటి నుండి ప్లైవుడ్ బొమ్మలు కోసే సన్న రంపపు బ్లేడు తెప్పించాము. దాని పళ్ళ కొనలు మన వైపు తిరిగి ఉండాలి. అప్పుడే లోపలికి జారిపోయి, లాగేటప్పుడు కొక్కెంలా పట్టుకుంటాయి. చెవికి గంట్లున్న వైపుగా దూర్చి, కొంచెం ఆ ముక్కకేసి ఒత్తి లాగాము. రెండుసార్లు లాగినా కదలలేదు.

అప్పుడు గాని టార్చిలైటు వేసి చూడలేదు. చెవి దూరే సందు నిలువుగా లేదు, కొద్దిగా ఓరగా ఉంది! ఆమె తిప్పుతుండగా విరిగింది కదా. తాళంలో స్ప్రింగుల క్రింద చిన్న పిన్నులు చెవి గంట్లలో కూర్చుంటాయి. చెవి బయటికి రావాలంటే అవి పైకి లేవాలి. సందు ఓరగా ఉంటే వాటి పైనున్న దారి మూసుకుపోయి, ముక్కను పట్టేసి ఉంచుతాయి. ఎంత బలంగా లాగినా బ్లేడు విరుగుతుందే గాని ముక్క రాదు.

సన్న స్క్రూడ్రైవరు కొన సందులో ఆనించి, చెవిని మొదట దూర్చే స్థానానికి మెల్లగా తిప్పాము. పెన్సిలు ములికి పొడి చేసి బ్లేడుకు రాసి లోపల ఆడించాము. వంటనూనె పోయరాదు, దుమ్ముతో కలిసి జిడ్డుకడుతుంది. ఈసారి బ్లేడు పట్టగానే ముక్క కొంచెం కొంచెంగా కదిలి, కొన బయటపడింది. మిగతాది పట్టుకారుతో తిన్నగా లాగాము.

రెండు ముక్కలూ కలిపి చూశాము. అంచులు సరిగా అతుకుతున్నాయి, లోపలేమీ మిగల్లేదు. కుమార్తె చెవి తెచ్చింది, తలుపు తెరుచుకుంది. విరిగినది బజారులో చేయించిన నకలు. విరిగిన చోట అంతకుముందే నల్లని చార ఉంది, అంటే చాలాకాలంగా బీటవారి ఉన్నదన్నమాట. క్రొత్తది ఆ ముక్కలను చూసి గాక, కుమార్తె దగ్గరి అసలు చెవిని చూసి చేయించమన్నాము. అరిగిన చెవికి నకలు తీస్తే ఆ అరుగుదల కూడా నకలౌతుంది.