పడ్డ ఎదకు రాలేదా? వయసు లెక్కెట్టకండి, టేపు తియ్యండి

అన్నలారా, ఒక మాట అడుగుతా, కోపగించుకోవద్దు. పాలిచ్చే గేదెకు పూటకు రెండు కిలోల దాణా పెట్టే మనం, పాలు మానిన పెయ్య దూడకు ఏం పెడుతున్నాం? గేదె గాడిలో మిగిల్చిన గడ్డి. అంతే కదా! "అదేమన్నా పాలిస్తుందా, ఈనాక చూద్దాంలే" అంటాం. మూడేళ్లు నిండాక డాక్టరు గారిని పిలిచి "ఎదకు రావట్లేదండీ, ఏదన్నా ఇంజెక్షను వెయ్యండి" అంటాం.

ఈ మాట మిమ్మల్ని ఎత్తిపొడవడానికి చెప్పట్లేదు. నేనూ అదే చేశాను. మా పాకలో రెండు పడ్డలు పెరిగాయి. రెండూ ముర్రా సూదికి పుట్టినవే, ఒకే తల్లి బిడ్డలు. పెద్దదాన్ని మిగులు గడ్డి మీద పెంచాను. మూడేళ్లొచ్చినా అరుపు లేదు, తీగ లేదు. వచ్చిన డాక్టరు గారు సంచిలోంచి సిరంజి తియ్యలేదు, టేపు తీశారు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 56 అంగుళాలు. భుజం మొన నుంచి తోక పక్కన పిరుదు ఎముక దాకా పొడవు 44 అంగుళాలు. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగించారు. 209 కిలోలు వచ్చింది. "ఇది మూడేళ్ల పడ్డ కాదు, ఏడాది దాటిన దూడ. దీనికి మందేం లేదు, మేత పెట్టు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అసలు సంగతి ఇదే. పడ్డ ఎదకొచ్చేది వయసును బట్టి కాదు, ఒంటి బరువును బట్టి. తిన్న తిండి మొదట ప్రాణం నిలవడానికి పోతుంది, తర్వాత ఎముకకూ కండకూ పోతుంది. ఇవి తీరాకే గర్భసంచి, అండాశయాల వంతు. ముర్రా జాతి పడ్డకు కట్టించాల్సిన బరువు దాదాపు 300 కిలోలు. అంతకంటే ముందే, 250 దగ్గర కొన్ని ఎద చూపిస్తాయి. తేదీ రాసుకోండి, తొందరపడి సూది వేయించకండి. చిన్న ఒంట్లో చూలు నిలిస్తే ఈనేటప్పుడు కష్టం, ఈనాక పాలూ తక్కువే.

ఇప్పుడు లెక్క చూడండి. బాగా పాలు తాగిన దూడ ఆరు నెలలకు 100 కిలోలు తూగుతుంది. అక్కణ్ణుంచి 300కి ఇంకో 200 కిలోలు పెరగాలి. రోజుకు 400 గ్రాములు పెరిగితే 500 రోజులు, అంటే రెండేళ్లలోపే కట్టించే బరువు. రోజుకు 200 గ్రాములే పెరిగితే 1,000 రోజులు, అంటే మూడేళ్లు దాటి ఇంకో మూడు నెలలు. "మన గేదెలకు నాలుగేళ్లు మామూలే" అంటారే, ఆ మామూలు జాతిది కాదు, మన గాడిలోది.

"వరిగడ్డి కడుపునిండా వేస్తున్నా కదా" అంటారు. కడుపు నిండుతుంది, నిజమే. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. దాంతో పొట్ట సాగుతుంది గానీ కండ పట్టదు. మీ పడ్డను వెనక నుంచి చూడండి. పొట్ట కుండలా ఉండి, తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, వెంట్రుక ఎర్రబారి గరుకుగా ఉంటే అది బలిసిన పడ్డ కాదు, ఆకలితో ఉన్న పడ్డ. ఇదే వాలకం ఏలికపాముల వల్లా వస్తుంది. అందుకే ముందు పేడ పరీక్ష చేయించి మందు తాగించండి, ఆ తర్వాతే దాణా మొదలుపెట్టండి. లేదంటే మీరు పెట్టేది పాములకే.

చిన్నదాన్ని అందుకే వేరేగా పెంచాను. ఆరు నెలలకు చుట్టుకొలత 43, పొడవు 36, అంటే 101 కిలోలు. రోజుకు కిలోన్నర దాణా, రెండు పూటలుగా. వంద కిలోల దాణాకు మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 25, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. పచ్చిమేత మొదట ఐదారు కిలోలతో మొదలై ఏడాది దాటాక 15 కిలోలకు వచ్చింది. వరిగడ్డి తిన్నంత. పిల్లిపెసరో అలసందో గట్ల మీద చల్లుకున్నవాళ్లు అదృష్టవంతులు. అలాంటి పప్పుజాతి మేత 8 నుంచి 10 కిలోలు వేస్తే ఒక కిలో దాణా తగ్గించుకోవచ్చు.

ఇంకొకటి, దాన్ని పెద్ద గేదెల గాడి దగ్గర కట్టలేదు. కొమ్ములున్నది తింటుంది, లేనిది చూస్తుంది. మీరు వేసిన దాణా దాని నోట్లోకి పోయిందో లేదో తెలియాలంటే విడిగా కట్టాల్సిందే.

ప్రతి నెలా ఒకటో తారీఖున పొద్దున్నే, మేత నీళ్లు పెట్టకముందే టేపు వేశాను. నెలకు 12 కిలోలు పెరగాలని నా లెక్క. టేపు లెక్కలో నాలుగైదు కిలోలు అటూఇటూ పోతాయి, ఒక నెల తగ్గితే కంగారు లేదు. వరసగా రెండు నెలలు తగ్గితే మాత్రం ఏదో ఉన్నట్టే. ఒక ఎండాకాలం నాకలాగే ఆగిపోయింది. పచ్చిమేత ఎండిపోయింది, పడ్డ రేకుల కింద రొప్పుతూ ఉంది. చెట్టు నీడకు మార్చి, రోజూ రెండుసార్లు తడిపి, దాణా అరకిలో పెంచితే మళ్లీ అందుకుంది. రెండేళ్లు నిండేసరికి చుట్టుకొలత 64, పొడవు 48, దాదాపు 298 కిలోలు. 25వ నెలలో కట్టించాను. పెద్దదేమో మేత పెంచాక కూడా 44వ నెలకు గానీ చూలు నిలవలేదు. తేడా 19 నెలలు.

"అంత దాణా ఎవడు పెడతాడు?" ఇదొక్కటే న్యాయమైన ప్రశ్న. 18 నెలలకు దాదాపు 810 కిలోల దాణా, నాకు కిలో 30 రూపాయలు పడింది, మొత్తం 24,300. నిజమే, తక్కువేం కాదు. కానీ పెద్దది ఆ 19 నెలలు గాలి తిని బతకలేదు కదా! గడ్డీ నీళ్లూ మన చాకిరీ తింటూనే ఉంది, తిన్నదంతా ప్రాణానికే సరిపోయింది. ఆ 19 నెలల్లో పోయింది ఒక పూర్తి ఈత. మోస్తరు గేదె ఈతకు 1,500 లీటర్లిస్తే, లీటరు 50 చొప్పున 75,000. అందులో సగం మేత ఖర్చుకు తీసేసినా, దాణా డబ్బు పోను ఇంకా మిగులుతుంది.

అలాగని ఎగబడి నూకలూ మొక్కజొన్నా కుమ్మరించకండి. ఎదకు రాకముందే మరీ కొవ్వు పడితే అది పొదుగులోనూ చేరుతుంది, పాలు తయారయ్యే కండ తగ్గిపోతుంది. రోజుకు 400, 500 గ్రాములు చాలు. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేత్తో నొక్కితే తగలాలి.

దళారి తెచ్చిన గేదెకు లక్షకు పైగా పోసి, ఇంట్లో పుట్టిన పడ్డకు కిలోన్నర దాణా దగ్గర పిసినారితనం చూపేది మనమే. రేపు పొద్దున దర్జీ టేపు ఒకటి తీసుకుని పాకలోకి వెళ్లండి. రెండు కొలతలు తీసి గోడ మీద సుద్దతో తేదీతో సహా రాయండి. ఆ అంకె చూశాక డాక్టరు గారికి ఫోన్ చెయ్యాలో, గాడి నింపాలో మీకే తెలుస్తుంది.