దగ్గరివాళ్లకు ఫోను, దూరంవాళ్లకు కబురు

బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే జాతీయ రహదారి మీద మద్దేడ్ ఉంటుంది. రోడ్డు పక్క ఊళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. లోపలి గూడేలకు పోయేకొద్దీ దోర్లీ, గోండీ మాటలే ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం ఇలాంటి గూడేల కోసమే పుట్టింది. గూడెంలోని ఒక స్త్రీ అక్కడి ఆరోగ్య కార్యకర్తగా ఉంటుంది. ఇలాంటి కొందరిని ఒక ట్రైనర్ చూసుకుంటుంది. ఈ ట్రైనర్‌కూ ఆమె కింది మితానిన్‌లకూ మధ్య ఉండే సంబంధమే నా విషయం.

1975లో డాన్సెరో, గ్రేన్, హాగా అనే పరిశోధకులు ఒక సంగతి గమనించారు. నాయకుడు తన కింద ఉన్నవాళ్లందరితో ఒకే రకంగా ఉంటాడన్న అనుకోలు నిజం కాదు. ఒక్కొక్కరితో ఒక్కో సంబంధం ఏర్పడుతుంది. కొందరితో నమ్మకం, చనువు, ముందస్తు సమాచారం. మిగిలినవాళ్లతో చెప్పిన పని, దానికి లెక్క, అంతే. తర్వాత దీనికే లీడర్-మెంబర్ ఎక్స్‌ఛేంజ్ సిద్ధాంతం అని పేరు వచ్చింది.

ఈ విభజన చాలా తొందరగా జరిగిపోతుంది. 1993లో లైడెన్, వేన్, స్టిల్‌వెల్ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను మొదటి రోజుల నుంచి ఆరు నెలల దాకా గమనించారు. తొలి ఐదు రోజుల్లో ఒకరి మీద ఒకరు పెట్టుకున్న అంచనాలే తర్వాతి సంబంధాన్ని చాలావరకు ముందే చెప్పేశాయి. వయసు, చదువు లాంటి పోలికల కంటే ‘ఈమె మనలాంటిదే’ అన్న భావన ఎక్కువగా పనిచేసింది. పనితనం తేలడానికి ఐదు రోజులు ఎక్కడ సరిపోతాయి?

ఒక ఊహ చేసి చూద్దాం. ఒక ట్రైనర్ కింద పద్దెనిమిది మంది ఉన్నారు. ఐదుగురు రోడ్డు పక్క గూడేలవాళ్లు. వాళ్ల ఫోనుకు సిగ్నల్ ఉంటుంది, ఆమె మాట్లాడే తెలుగు వాళ్లకూ వచ్చు. కొత్త మందులు వచ్చాయన్నా, సమావేశం తేదీ మారిందన్నా మొదటి ఫోను వాళ్లకే. ట్రైనర్‌కు ఎవరి మీదా కోపం లేదు, తనకు సులువైన దారి పట్టిందంతే. వాగు అవతలి మితానిన్‌కు మాత్రం అదే కబురు మూడో మనిషి ద్వారా అందుతుంది. ఆలస్యంగా వస్తుంది కనుక ఆమె పని ఆలస్యమవుతుంది. ఆలస్యమైంది కనుక ‘ఆమె అంతే’ అన్న ముద్ర పడుతుంది. మొదట లేని తేడా ఇప్పుడు రిజిస్టర్‌లో కనిపిస్తుంది. ట్రైనర్ తన తొలి అంచనాయే నిజమైందని నమ్ముతుంది.

నష్టం ఇక్కడితో ఆగితే అది ఒక్క మనిషికి జరిగిన అన్యాయం. కానీ 2020లో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ ప్రచారంలో జ్వరం లేనివాళ్లకు కూడా ఎందుకు రక్తపరీక్ష చేశారో గుర్తు చేసుకోండి. లక్షణాలు లేకుండానే ఒంట్లో మలేరియా క్రిమిని మోసేవాళ్లు అక్కడ ఎక్కువ. అలాంటి చోట పరీక్ష కిట్లు అయిపోయాయనీ, మాత్రలు సగంలో ఆపేస్తున్నారనీ చెప్పగలిగేది గూడెంలోని ఆ మితానినే. తన మాటకు విలువ లేదని ఆమెకు అనిపిస్తే గొడవ పడదు. సమావేశానికి వస్తుంది, గోడవారగా కూర్చుంటుంది, అడిగితే ‘అంతా బాగుంది’ అని వెళ్లిపోతుంది. పై అధికారులు దాన్ని క్రమశిక్షణ అనుకుంటారు! నాకైతే అంతకంటే ప్రమాదకరమైన నిశ్శబ్దం మరొకటి కనిపించదు.

మరి ట్రైనర్‌కు ఇది ఎలా తెలియాలి? తనను తాను ప్రశ్నించుకుంటే తెలియదు. ఒకే సంబంధాన్ని నాయకుడూ సభ్యుడూ విడివిడిగా కొలిచిన అధ్యయనాలను 1997లో గెర్‌స్ట్‌నర్, డే కలిపి చూశారు. ఇద్దరి అంచనాలు కలిసింది అంతంతమాత్రమే. కాబట్టి అడగవలసింది మితానిన్‌నే. ‘నీ పని నాకు నచ్చిందో లేదో నీకు తెలుసా?’ ‘నీ కష్టం నాకు అర్థమవుతోందా?’ ఈ సంబంధాన్ని కొలవడానికి పరిశోధకులు వాడే ఏడు ప్రశ్నలు కూడా ఇంచుమించు ఈ తరహావే. లేదా నెల రోజుల ఫోన్ కాల్స్ చూసుకుంటే చాలు, కొన్ని పేర్లు ఒక్కసారి కూడా కనిపించవు.

అందరితో ఒకేలా ఉండాలని నేను అనడం లేదు. అనుభవం ఉన్నామెకు కష్టమైన పని అప్పగించడం తప్పు కాదు. టర్కీలో దుకాణాల సిబ్బంది మీద ఎర్డోగాన్, బావర్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పద్ధతులు న్యాయంగా ఉన్నాయని సిబ్బంది నమ్మిన చోట ఈ తేడాలు హాని చేయలేదు. నమ్మకం లేని చోట చేశాయి. ఎందుకు ఫలానా ఆమెకే ఇచ్చారో నలుగురిలో చెప్పగలిగితే సగం చిక్కు తీరుతుంది. ‘ఆమెకు సిగ్నల్ ఉంది’ అన్నది మాత్రం చెప్పుకోదగ్గ కారణం కాదు.

1980లలో గ్రేన్, స్కాండురా ఒక ప్రయోగం చేశారు. కింది ఉద్యోగులతో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, వాళ్ల ఇబ్బందులు వినేలా పర్యవేక్షకులకు శిక్షణ ఇచ్చారు. మొదట్లో దూరంగా ఉన్నవాళ్ల పనే ఎక్కువగా మెరుగుపడింది. అంటే వాళ్లలో లోపించింది సామర్థ్యం కాదు.

ఆఫీసులో అయితే పక్క గదిలోకి వెళ్తే సరిపోతుంది. వాగు అవతలికి ఒక్కో మితానిన్ కోసం వెళ్లాలంటే రోజు గడిచిపోతుంది, వానాకాలంలో అదీ కుదరదు. ఆ రోజులకూ ఆ ప్రయాణానికీ కార్యక్రమం లెక్కల్లో చోటు ఉండాలి. లేకపోతే ఎంత మంచి ట్రైనర్ అయినా మళ్లీ రోడ్డు పక్క ఐదుగురికే ఫోను చేస్తుంది.