ఫొటో చెప్పేదెంత?

ఆన్‌లైన్‌లో తెప్పించిన అరకిలో మటన్ ఇంటికొచ్చింది. ప్యాకెట్ అడుగున ఎర్రటి నీరు. ముక్కకు ముక్క అంటుకున్నచోట గోధుమ రంగు. వెంటనే ఫొటో తీసి 'ఇది పాడైందా?' అని తెలిసినవాళ్లకు పంపిస్తాం. ఆ ఫొటోను ఎలా చదవాలో మీకే తెలిస్తే మంచి మాంసాన్ని పారేయరు, చెడ్డదాన్ని వండరు.

ముందు ఆ నీటి సంగతి. అది రక్తం కాదు. కోసినప్పుడే రక్తం దాదాపుగా కారిపోతుంది. ప్యాకెట్‌లో చేరేది కండలోంచి ఊరిన నీరు. దానికి ఎరుపునిచ్చేది మయోగ్లోబిన్ అనే ప్రొటీన్. గాలి తగిలితే ఇది ఎర్రగా ఉంటుంది. గాలి అందని చోట ముదురు ఊదాగానో, గోధుమగానో మారుతుంది. అందుకే వ్యాక్యూమ్ ప్యాక్ చేసిన మాంసం నల్లగా కనిపించినా, విప్పి అరగంట ఉంచితే చాలాసార్లు ఎర్రబడుతుంది. కాబట్టి రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

నీరు పలుచగా, తేటగా ఉంటే భయం లేదు. మరీ ఎక్కువగా ఉంటే ఒకసారి గడ్డకట్టించి కరిగించి ఉండొచ్చు. అదే నీరు మడ్డిగా, జిగురుగా మారినా, ప్యాకెట్ ఉబ్బినా, ముక్కపై పచ్చటి మచ్చలున్నా వాడొద్దు. ఉబ్బు తెలియాలంటే ప్యాకెట్‌ను పక్క నుంచి ఫొటో తీయాలి. రంగు తెలియాలంటే ముక్కను తెల్ల పళ్లెంలో పెట్టి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. దుకాణంలోని ఎర్ర లైటు కింద ఏ మాంసమైనా తాజాగానే కనిపిస్తుంది. తేదీ ఉన్న లేబుల్‌ను కూడా ఫొటోలో పడనివ్వండి.

చేప విషయంలో కళ్లు, మొప్పలు సాక్ష్యం చెబుతాయి. కళ్లు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. కన్ను లోపలికి పోయి తెల్లబడినా, మొప్పలు గోధుమ రంగుకు తిరిగినా అది పాతదే. ముక్కలుగా కోసి పంపితే ఈ రెండు సాక్ష్యాలూ పోయినట్టే. అందుకే చేపను మొత్తంగా చూశాకే కోయించుకోండి.

ఇక ఫొటో ఎన్నటికీ చెప్పలేనిది ఒకటుంది. కానాగంతలు, ట్యూనా వంటి చేపలు పట్టాక ఐస్ లేకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ పెరుగుతుంది. చేప చూడ్డానికి బాగానే ఉండొచ్చు, వాసనా రాకపోవచ్చు. వండినా ఆ హిస్టమిన్ పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, దద్దుర్లు వస్తే అనుమానించాల్సింది దాన్నే. ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. సాల్మొనెల్లా వంటి క్రిములు కూడా మాంసం రంగును మార్చవు.

అందుకే ఫొటోను అనుమానానికే వాడండి, నమ్మకానికి కాదు. చెడ్డగా కనిపిస్తే వద్దనుకోండి. బాగా కనిపిస్తే ముక్కును, వేలిని అడగండి. పుల్లటి వాసన గాలి తగిలాక కూడా పోకపోయినా, నొక్కినచోట గుంట అలాగే ఉన్నా, ముక్క చేతికి జిగటగా అంటుకున్నా తిరిగి ఇచ్చేయండి. అది ఐస్‌లోనే వచ్చిందా, ఎంతసేపు బయట ఉంది అని తెచ్చినవారిని అడగడం మాత్రం మరవకండి.