ఇంటిపేరు – పొడి అక్షరము

తిరుత్తణిలో 1888లో జన్మించిన డాక్టరు ఎస్. రాధాకృష్ణన్ గారి పేరులోని పొడి అక్షరము వారి తండ్రి పేరునకు గుర్తు కాదు. తమిళుల పద్ధతి చొప్పున, తండ్రి పేరు వీరాస్వామి గనుక, అది 'వి.' కావలసియుండెను. 'ఎస్.' అనగా సర్వేపల్లి. నెల్లూరు సీమలోని యొక గ్రామము పేరు వారి వంశమునకు ఇంటిపేరైనది. తండ్రి సర్వేపల్లి వీరాస్వామి. కుమారుడు, చరిత్రకారుడైన సర్వేపల్లి గోపాల్. మూడు తరములకును అక్షర మొక్కటే.

పాశ్చాత్యులు పేరులోని చివరి మాటనే వంశనామముగా నెంచుదురు. అందుచే వారి గ్రంథాలయ పట్టికలలో తండ్రి 'రాధాకృష్ణన్' క్రిందను, కుమారుడు 'గోపాల్' క్రిందను చేరుదురు. 1989లో రాధాకృష్ణన్ గారి జీవితచరిత్రను ప్రకటించినది ఆయన కుమారుడేనని ఆ పట్టికను చూచి యెవరు గ్రహింపగలరు?

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో మన పిల్లల దరఖాస్తులకును ఇట్టి చిక్కే కలదు. పొడి అక్షరము మాత్రమే వ్రాసినచో గుమాస్తా దానిని తండ్రి పేరుగా విప్పవచ్చును. ఇంటిపేరు సర్వేపల్లియు, తండ్రి పేరు శ్రీనివాసులును అయినచో, రెండింటికిని 'ఎస్.' అక్షరమే గనుక పొరపాటు కంటికైనను కనబడదు! కావున వంశనామపు గడిలో ఇంటిపేరును పూర్తిగా వ్రాయవలెనని మేము పట్టుపట్టుచున్నాము. తండ్రి పేరునకు వేరు గడి యుండనే యున్నది. ఇంటిపేరునకు ఇంగ్లీషు అక్షరములను కూడ అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అందరును ఒక్క తీరుననే వ్రాయవలెను.