సందల్ రాస్తే మంగు పోతుందా?

పెళ్లి దగ్గర పడితే చాలు, దుల్హన్ చెహరాకి సందల్ పూయమని ఖాలా నుంచి ఫుప్పూ దాకా అందరూ చెప్తారు. పూయండి, నాకేం ఎత్రాజ్ లేదు. సాన మీద నీళ్లతో అరగదీసిన గంధం చల్లగా ఉంటుంది. కానీ ఆరాక తెల్లగా కనిపించేది ఆ పూతే, కడిగితే పోతుంది. బుగ్గల మీది మంగు మాత్రం పోదు. దానికి రోజూ ఎండ నుంచి కాపుదల, చర్మ డాక్టర్ మందు, నెలల తరబడి సబర్ కావాలి.

నా ఫికర్ అంతా తేల్ గురించే. 10 మి.లీ. 150 రూపాయలకి అమ్మే సందల్ తేల్ అసలీ కాదు, ఆ ధరకి అసలీ రాదు. సింథటిక్ వాసన కలిపిన నూనె అది. బట్టలకి ఖుష్బూగా పర్లేదు. మా బంధువుల అమ్మాయి దాన్ని నేరుగా బుగ్గలకి రాసుకుంది. రెండో రోజుకి ఎర్రగా మంట, అది తగ్గాక గోధుమరంగు దాగ్. మన చామనఛాయ చర్మం మండితే మచ్చ మిగులుతుంది మరి.

ముక్కుతో అసలీ నకిలీ తేల్చలేం. సాంటలాల్ ఎంతుందో ల్యాబ్‌లోనే తెలుస్తుంది. అసలీ కూడా కొందరికి పడదు. చెంచా బాదం నూనెలో రెండు చుక్కలకి మించొద్దు. ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడండి.